హెర్నియా బెల్ట్ కొనేముందు మా నాన్నకు జరిగింది చదవండి

ఆపరేషన్ లేకుండా 90 రోజుల్లో హెర్నియా మాయం అని ఫోన్లో రోజూ కనిపించే ఆ బెల్ట్, తైలం సెట్టు గురించే రాస్తున్నాను. మీలో చాలామంది చూసే ఉంటారు. 3,800 రూపాయలు కట్టి తెప్పించింది నేనే. నాన్న ఇంకా హాస్పిటల్లోనే ఉన్నారు. ఆయన మంచం పక్కన కూర్చునే ఇది రాస్తున్నాను.

నాన్నకు 62 ఏళ్లు, కిరాణా కొట్టు. చలికాలంలో దగ్గు పట్టుకున్నప్పుడు కుడి గజ్జలో నిమ్మకాయంత ఉబ్బు కనిపించింది. మొదట బిళ్ళ కట్టిందేమో అనుకున్నాం. కానీ దగ్గితే బయటకు వచ్చేది, బియ్యం బస్తా ఎత్తితే ఇంకాస్త పెద్దదయ్యేది, పడుకుంటే లోపలికి పోయేది. మా డాక్టర్ అక్కడ వేలు పెట్టి దగ్గమన్నారు. వేలికి తగిలిన తోపును బట్టి హెర్నియా అన్నారు. పొట్ట గోడలో కండ బలహీనపడిన చోటు నుంచి పేగు బయటకు తోసుకొస్తోందని, వీలు చూసుకుని ఆపరేషన్ చేయించుకుంటే మంచిదని చెప్పారు. ఆపరేషన్ అనగానే నాన్న భయపడ్డారు. ఆ భయం చూసి నేను బెల్ట్ ఆర్డర్ పెట్టాను.

రెండు నెలలు బాగానే ఉన్నట్టు అనిపించింది. నిజానికి బెల్ట్ పైనుంచి ఒత్తి పట్టుకుంటుందే తప్ప లోపలి కన్నం మూసుకోదు. అది నాకు ఇప్పుడు తెలిసింది.

పోయిన మంగళవారం సాయంత్రం ఏడింటికి బస్తా దించాక ఉబ్బు లోపలికి పోలేదు. పడుకున్నా పోలేదు. ముట్టుకుంటే గట్టిగా ఉంది, చెయ్యి వేస్తే నాన్న అరిచారు. ఎనిమిదిన్నరకు ఆ కంపెనీ నంబర్‌కు ఫోన్ చేశాను. "డాక్టర్ గారు" అని ఒకాయన మాట్లాడాడు. ఉబ్బు లోపలికి పోవడం లేదు, నొప్పి బాగా ఉంది, హాస్పిటల్‌కు తీసుకెళ్లమంటారా అని స్పష్టంగా అడిగాను.

"కంగారు పడకండి సార్, మందు పనిచేస్తోంది. బెల్ట్ ఇంకో రెండు రంధ్రాలు బిగించి, తైలంతో గట్టిగా లోపలికి నొక్కండి. పొద్దున్నకు సర్దుకుంటుంది."

నేను బిగించాను. నా చేతులతోనే నొక్కాను. నాన్న పళ్ళు బిగపట్టి దుప్పటి పట్టుకున్నారు. ఆ మాట నమ్మి నాలుగున్నర గంటలు పోగొట్టాను. పదకొండింటికి వాంతులు మొదలయ్యాయి. పొట్ట ఉబ్బింది, గ్యాస్ కూడా పోవడం లేదు. బెల్ట్ విప్పి చూస్తే ఉబ్బు మీద చర్మం ఎర్రగా కమిలి ఉంది. హాస్పిటల్‌కు చేరేసరికి ఒంటిగంట.

సర్జన్ చూసిన వెంటనే అడిగిన మొదటి ప్రశ్న, "ఎన్ని గంటల నుంచి లోపలికి పోవడం లేదు?" ఇరుకు కన్నంలో చిక్కుకున్న పేగుకు రక్తం ఆగిపోతే కొన్ని గంటల్లోనే అది చచ్చిపోతుందట. బిగించి నొక్కడం వల్ల ప్రమాదం ఇంకా పెరుగుతుందన్నారు. నాలుగింటికి ఆపరేషన్ మొదలైంది. జానెడు పేగు నల్లబడిపోయింది, కోసి తీసేసి మిగతా రెండు కొసలూ కలిపారు. పేగు కోయాల్సి వచ్చింది కాబట్టి ఇన్ఫెక్షన్ భయంతో, బలహీనపడిన చోట ఆసరాగా అమర్చే జాలీ వేయలేదు, కుట్లతోనే మూశారు. అంటే హెర్నియా మళ్ళీ వచ్చే అవకాశం ఎక్కువ. ముందే చేయించి ఉంటే జాలీ వేసి, ఒకటి రెండు రోజుల్లో ఇంటికి పంపేసేవారు.

నిన్న ఆ నంబర్‌కే మళ్ళీ చేశాను. "మీరు బెల్ట్ సరిగ్గా కట్టి ఉండరు" అన్నాడు. నాన్న ఎలా ఉన్నారని ఒక్క మాట అడగలేదు. తర్వాత నా నంబర్ బ్లాక్ చేశాడు. డబ్బు సంగతి వదిలేశాను, పొద్దున్నకు సర్దుకుంటుందన్న ఆ మాటను మాత్రం వదలలేకపోతున్నాను.

ఆ సెట్టు కొనకండి. పడుకుంటే లోపలికి పోయే ఉబ్బు ఉంటే సర్జన్‌కు చూపించండి. నొప్పి లేని మగవాళ్ళలో కొందరికి ఆగి చూద్దామనవచ్చు, కానీ అది చూసిన డాక్టర్ చెప్పాలి. ఆడవాళ్ళకు గజ్జలో ఉబ్బు వస్తే ఆలస్యం చేయకండి, వాళ్ళలో పేగు బిగుసుకునే రకం ఎక్కువ. లోపలికి పోయే ఉబ్బు ఒక్కసారిగా గట్టిపడి, నొప్పి పుట్టి, వెనక్కి పోకపోతే అదే ఎమర్జెన్సీ. వాంతుల దాకా ఆగకండి. నొక్కకండి, తినడానికీ తాగడానికీ ఏమీ ఇవ్వకండి, ఆపరేషన్ థియేటర్ ఉన్న హాస్పిటల్‌కు వెంటనే తీసుకెళ్ళండి. బండి లేకపోతే 108కి చేయండి.