పెళ్లి ఫొటోల రీటచింగ్: మౌసా, పెన్ టాబ్లెట్టా?

హన్మకొండ స్టూడియోల్లో పెళ్లిళ్ల సీజన్‌లో టైం తినేసే పని పెళ్లికూతురి ముఖం మీద వెలుగునీడలు సరిచేసే డాడ్జ్ అండ్ బర్న్.

మౌస్: ఎలా నొక్కినా ఒకటే బలం. బ్రష్ రంగు వదిలే జోరు, అంటే ఫ్లో, 2 శాతానికి తగ్గించి, కంటి కింది నీడ మీద మళ్లీ మళ్లీ గీయాలి. తేడా వస్తే మచ్చలు పడతాయి. ఫొటోను చిన్నగా చేసి చూస్తే ఇట్టే తెలుస్తుంది.

పెన్: ఫొటోషాప్ బ్రష్ సెట్టింగ్స్‌లో Transfer తెరిచి, ఫ్లోకు Pen Pressure పెట్టాలి. నీడ మధ్యలో కాస్త నొక్కి, అంచు దగ్గర చేయి తేలిక చేస్తే చర్మంలో కలిసిపోతుంది. సెట్టింగ్స్‌లో Pen Pressure పక్కన హెచ్చరిక త్రికోణం కనిపిస్తే టాబ్లెట్‌ను గుర్తించలేదన్నట్టు; ముందు డ్రైవర్ చూడండి.

ఖర్చు: మౌస్ ఎలాగూ ఉంది. చిన్న టాబ్లెట్‌కు కొన్ని వేలు, పైగా అలవాటయ్యేదాకా చిరాకు.

పాస్‌పోర్ట్ ఫొటోలు, మొటిమలు తీయడం, ఫొటోషాప్‌లోని పెన్ టూల్‌తో కటింగ్‌కు మౌసే చాలు. క్లోజప్‌లు పెద్దగా ప్రింటయ్యే ఆల్బమ్‌లకైతే టాబ్లెట్ కొనాల్సిందే.