స్నాప్‌సీడ్‌లో సరిచేస్తా, ముఖాలు దాచడం మాత్రం సిగ్నల్‌లో

మా ఊరి బడి ఫొటోలు ఫేస్‌బుక్ పేజీలో పెట్టే పని కొన్నేళ్లుగా నాదే. ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఇందుకు వాడేది స్నాప్‌సీడ్. గూగుల్‌ది, ఉచితం, ప్రకటనల గోల లేదు. ఒక్క పనికి మాత్రం పనికిరాదు.

పంద్రాగస్టు ఫొటోనే తీసుకోండి. వరండాలో పిల్లలు, వెనక తెల్లటి ఆకాశం. ముఖాలన్నీ నల్లగా పడ్డాయి, ఫొటో ఓ పక్కకి ఒరిగింది, మూలన విరిగిన ప్లాస్టిక్ కుర్చీ. ముందు రొటేట్. తిప్పితే అంచులు ఎలాగూ కొంత తెగుతాయి కాబట్టి క్రాప్ ఆ తర్వాతే. ముందే బిగించి కత్తిరిస్తే చివరి పిల్లాడి భుజం పోతుంది. నిలువుకి జెండా కర్రని నమ్మను, అది నిజంగానే ఒరిగి ఉండొచ్చు. వరండా స్తంభాన్ని చూసుకుంటా.

వెలుతురు కోసం చాలామంది బ్రైట్‌నెస్ లాగేస్తారు. దాంతో ఆకాశం ఇంకా తెల్లబడి జెండా రంగులు వెలిసిపోతాయి. ట్యూన్ ఇమేజ్‌లో వేలు పైకీ కిందికీ జరిపితే షాడోస్ దొరుకుతుంది. పక్కకి లాగి 30 దాకా పెంచితే ముఖాలు తేలతాయి. మరీ ఎక్కువ లాగితే జుట్టులో రంగు చుక్కలు లేస్తాయి. ఇంకా చీకట్లో మిగిలిన ఒకరిద్దరికి సెలెక్టివ్ ఉంది: ముఖం మీద చుక్క పెట్టి, రెండు వేళ్లతో వలయం చిన్నది చేసి, అక్కడికే వెలుగు పెంచడం. ఈ యాప్‌లో నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే.

హీలింగ్‌తో కుర్చీ తీసేయాలంటే బాగా జూమ్ చేసి కొంచెం కొంచెంగా రుద్దాలి. వెనక మట్టి నేలైతే ఆనవాలు మిగలదు. గ్రిల్ ఉంటే మాత్రం కమ్మీలు వంకరపోతాయి, అప్పుడు క్రాప్ చేయడమే మేలు. కుర్చీతో పాటు దాని నీడనీ చెరపాలి, లేకపోతే కుర్చీ లేని నీడ మిగులుతుంది!

ఇక ముఖాలు. తమ పిల్లల ఫొటో బయట పెట్టొద్దన్న తల్లిదండ్రులు కొందరుంటారు. లెన్స్ బ్లర్ ఇందుకు కాదు, అది మనం ఎంచుకున్న చోటు వదిలి చుట్టూ మసక చేస్తుంది. అందుకే చివర్లో సిగ్నల్ అనే మెసేజింగ్ యాప్ తెరుస్తా. అందులో 2020లో వచ్చిన బ్లర్ పనిముట్టు ముఖాలను ఫోన్‌లోనే గుర్తుపట్టి మసక చేస్తుంది. పక్కకి తిరిగినవాళ్లు తప్పిపోతుంటారు, వాళ్ల మీద వేలితో నేనే రుద్దుతా. తర్వాత ఎవరికీ పంపకుండానే ఫోన్‌లో సేవ్ చేసుకుంటా.

ఐడీ కార్డు మీది పేరు, ఫోన్ నంబర్ లాంటివి మసక చేయను. మసక అక్షరాలను ఒక్కోసారి తిరిగి చదవొచ్చు. వాటి మీద సిగ్నల్‌లోనే ఉన్న పెన్నుతో నల్లగా, నిండుగా పూస్తా. హైలైటర్ పనికిరాదు, ఆ పూత పల్చన. ఎవరైనా వెలుతురు పెంచితే కింది అక్షరాలు బయటపడతాయి.