వీలునామా మార్చాలంటే కొడిసిల్ చాలా, కొత్తది రాయాలా?

ఆఫీసుకి వచ్చేవాళ్లు ఇద్దరిలో ఒకరు ఇలాగే మొదలుపెడతారు: "వీలునామా ఎప్పుడో రిజిస్టర్ చేయించానండీ, ఇప్పుడొక చిన్న మార్పు ఉంది, ఓ కాగితం జోడిస్తే సరిపోతుందా?" ఆ చిన్న కాగితం పేరే కొడిసిల్. మన దస్తావేజు లేఖరులు అనుబంధ వీలునామా అంటారు. సరిపోతుందో లేదో చెప్పడానికి నేను మార్పు ఎంత పెద్దదని అడగను. ఆ వీలునామా రాసిన తర్వాత ఇంట్లో ఎవరు పోయారు, ఎవరు పుట్టారు, ఎవరు విడిపోయారు, ఏ ఆస్తి అమ్మారు అని అడుగుతాను. వీటిలో రెండింటికి అవునని జవాబొస్తే కొడిసిల్ ఆలోచన అక్కడితో పక్కన పెట్టిస్తాను.

ముందుగా ఒక అపోహ. కొడిసిల్ అంటే తేలికైన పద్ధతి అనుకుంటారు. భారత వారసత్వ చట్టం 1925 దృష్టిలో అది వీలునామాలో భాగమే, కాబట్టి రాసే పద్ధతిలో ఏ రాయితీ లేదు. 63వ సెక్షన్ ప్రకారం రాసినాయన సంతకం లేదా వేలిముద్ర ఉండాలి. కనీసం ఇద్దరు సాక్షులు ఆయన సంతకం పెట్టడం చూడాలి, లేదా నేనే పెట్టానని ఆయన నోట వినాలి. తర్వాత ఆయన ఎదుటే వాళ్లూ సంతకం చేయాలి. పాత వీలునామాలోనే ఒక పేరు కొట్టేసి, పైన ఇంకో పేరు రాసి, పక్కన పొట్టి సంతకం ఒక్కటే పెడితే ఆ దిద్దుబాటు చెల్లదు. అక్కడా సాక్షులు కావాలి. అంటే ఒక పేజీ రాసినా పది పేజీలు రాసినా శ్రమలో తేడా టైపింగులోనే. స్టాంపు డ్యూటీ రెండింటికీ లేదు.

ఇక అసలు విషయానికి ఒక కేసు తీసుకుందాం. మనుషులు కల్పితం, చిక్కులు మాత్రం నిజమైనవే.

కాకినాడలో ఒక రిటైర్డ్ హెడ్మాస్టరు గారు 2012లో వీలునామా రిజిస్టర్ చేయించారు. అన్నీ స్వార్జితాలే. ఎ షెడ్యూలు ఇల్లు: భార్య జీవితాంతం అనుభవించి, ఆమె తదనంతరం పెద్ద కొడుక్కి సర్వహక్కులతో. బి షెడ్యూలు 300 గజాల స్థలం: కూతురికి. సి షెడ్యూలు బ్యాంకు డిపాజిట్లు: చిన్న కొడుక్కి. మిగతా ఆస్తి ఏదైనా ఉంటే ఎవరికి అన్న వాక్యం అందులో లేదు. 2018లో ఆ స్థలం అమ్మి, అదే డబ్బుతో ఒక ఫ్లాట్ కొన్నారు. 2020లో పెద్ద కొడుకు చనిపోయాడు. అతనికి భార్య, ఒక పాప. తర్వాతి ఏడాది కూతురు విడాకులు తీసుకుని పుట్టింటికి వచ్చేసింది. చిన్న కొడుక్కి అప్పటికే వ్యాపారానికి డబ్బిచ్చారు.

ఇక్కడ ఆయన ఏమీ మార్చకుండా పోతే ఏమవుతుందో చూడండి. ఫ్లాట్ కూతురిదే అనుకుంటుంది కుటుంబమంతా. కాదు. వీలునామాలో ఉన్నది స్థలం, ఫ్లాట్ కాదు. పేరు పెట్టి ఇచ్చిన ఆస్తి మరణ సమయానికి ఆయనది కాకపోతే ఆ పంపకం పోయినట్టే. ఫ్లాట్ గురించి ఎక్కడా మాట లేదు కనుక అది హిందూ వారసత్వ చట్టం ప్రకారం నాలుగు భాగాలవుతుంది. భార్యకి, చిన్న కొడుక్కి, కూతురికి తలా పావు వంతు. చనిపోయిన కొడుకు శాఖకి మిగిలిన పావు, దాన్ని కోడలూ మనవరాలూ చెరిసగం పంచుకోవాలి.

ఇంటి సంగతి ఇంకా విచిత్రం. వీలునామా ద్వారా ఆస్తి పొందాల్సినవాడు ముందే పోతే ఆ పంపకం సాధారణంగా రద్దవుతుంది. కానీ పోయినవాడు రాసినాయన సంతానమై, అతనికి పిల్లలుండి, వాళ్లు తాత మరణం నాటికి బతికి ఉంటే 109వ సెక్షన్ ఆ పంపకాన్ని నిలబెడుతుంది. దాంతో ఇల్లు నేరుగా మనవరాలిది అయిపోతుందనుకుంటారు. సెక్షన్ అలా చెప్పదు. కొడుకు తండ్రి తర్వాత క్షణంలో పోయినట్టు భావించమంటుంది. అంటే ఇంటి హక్కు కొడుకు ఆస్తిలోకి వెళ్లి, అక్కణ్ణుంచి కొడుకు వారసులకి దిగుతుంది. అతను వీలునామా రాయకపోతే వారసులు ముగ్గురు: భార్య, కూతురు, తల్లి. తల్లి అంటే మన హెడ్మాస్టరు గారి భార్యే. ఆమె వాటా ఆమె తర్వాత ఆమె పిల్లలకి వస్తుంది కాబట్టి, ఇంట్లో వాటా లేదనుకున్న చిన్న కొడుకు కూడా వెనక గుమ్మంలోంచి లోపలికి వస్తాడు.

ఆయన కోరుకున్నది వేరు. భార్య ఇంట్లోనే ఉండాలి, ఆ తర్వాత ఇల్లు కూతురికీ మనవరాలికీ సగం సగం, ఫ్లాట్ కూతురికి. అంతే.

దీనికి కొడిసిల్ రాయించారనుకుందాం: "నా 2012 వీలునామాలోని ఎ షెడ్యూలు ఇంటిని నా కుమార్తెకు, మనుమరాలికి సమానముగా చెందునట్లు మార్చుచున్నాను. ఇతర విషయములలో పై వీలునామా యథాతథముగా అమలులో ఉండును." చదివితే చక్కగానే ఉంది. కానీ భార్య జీవితకాల హక్కు ఏమైంది? పెద్ద కొడుకు వాటా ఒక్కటే మారిందా, లేక ఇంటి క్లాజు మొత్తం మారిపోయి ఆవిడ హక్కు కూడా ఎగిరిపోయిందా? రెండు అర్థాలూ వస్తాయి. కోడలు తరఫు లాయరు ఒకటి ఎంచుకుంటాడు, కూతురి తరఫు లాయరు రెండోది. "యథాతథముగా" అన్న మాట ఇంకో పని కూడా చేసింది. అమ్మేసిన బి షెడ్యూలు స్థలాన్ని మళ్లీ ధ్రువీకరించింది. ఉన్న ఫ్లాట్ గురించి మాట్లాడకుండా లేని స్థలాన్ని కూతురికిచ్చిన కాగితం చూపించి, రాసిన నాటికి పెద్దాయనకి మతి స్థిమితం లేదని వాదించడం ఎంతసేపు?

కొడిసిల్‌ను తప్పు పట్టడం నా ఉద్దేశం కాదు. సర్వే నంబరు తప్పు పడినప్పుడు, వీలునామా అమలు చేయాల్సిన వ్యక్తిని మార్చాలనుకున్నప్పుడు, కొత్తగా కొన్న ఒక బంగారు వస్తువు ఎవరికో చెప్పాలనుకున్నప్పుడు అది చక్కటి సాధనం. ఒక్క క్లాజును ముట్టుకుంటే మరో క్లాజు కదలకూడదు, అంతే పరీక్ష. మనుషులు మారినప్పుడు ఆ పరీక్ష దాదాపు ఎప్పుడూ నెగ్గదు, ఎందుకంటే ఒక మనిషి పేరు నాలుగు క్లాజుల్లో ఉంటుంది.

రుజువు దగ్గర కూడా తేడా ఉంది. రేపు కోర్టుకెక్కితే రెండు కాగితాలూ నిరూపించుకోవాలి, రెండు జతల సాక్షుల్ని వెతకాలి. 2012లో సంతకం పెట్టిన తోటి మాస్టార్లు అప్పటికే డెబ్బై దాటినవాళ్లు. కొత్త వీలునామా అయితే సాక్షులూ కొత్తవాళ్లే. వయసులో చిన్నవాళ్లను, ఊళ్లో దొరికేవాళ్లను, ఆస్తిలో పైసా వాటా లేనివాళ్లను పెట్టుకోవచ్చు.

నేను ఎక్కువగా భయపడేది మాత్రం ఇది. వీలునామాలు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో 3వ నంబరు పుస్తకంలో నమోదవుతాయి. రాసినాయన బతికుండగా ఆయనకీ ఆయన ఏజెంటుకీ తప్ప ఎవరికీ నకలు ఇవ్వరు. పోయాక అడిగిన ఎవరికైనా ఇస్తారు. అంటే 2012 వీలునామా రిజిస్టరై, దాని మీది కొడిసిల్ ఇంట్లో బీరువాలో ఉంటే, పాత దానివల్ల లాభపడేవాడు నకలు తీసుకుని నేరుగా మ్యుటేషన్‌కి, అంటే రికార్డుల్లో పేరు మార్పించుకోవడానికి వెళ్లగలడు. కొడిసిల్ ఉందన్న సంగతి ఆ నకలు మీద ఎక్కడా ఉండదు. చట్టప్రకారం రిజిస్టర్ కాని చివరి కాగితం కూడా రిజిస్టరైన మొదటిదాన్ని రద్దు చేయగలదు. కానీ ఆ మాట గెలిచేసరికి ఎన్నేళ్లు పడుతుందో? అందుకే మొదటిది రిజిస్టరైతే రెండోదీ రిజిస్టర్ చేయించాల్సిందే, కొడిసిల్ అయినా కొత్తది అయినా.

అలాగని కొత్త వీలునామాలో తప్పులు దొర్లవని కాదు. మొదటి తప్పు దస్తావేజు లేఖరి కంప్యూటర్‌లో ఉన్న నమూనాలోనే ఉంటుంది: "ఇదియే నా మొదటి మరియు కడపటి వీలునామా." రెండో వీలునామాలో ఈ వాక్యం ఉండిపోతే, మొదటిది రాసిన సంగతే ఆయనకి గుర్తు లేదనడానికి ఎదుటివాళ్లకి మనమే ఆధారం ఇచ్చినట్టు. దాని స్థానంలో పాతదాని తేదీ, ఆఫీసు, దస్తావేజు నంబరు రాసి, దాన్నీ దానికున్న అనుబంధాల్నీ పూర్తిగా రద్దుపరుస్తున్నానని స్పష్టంగా ఉండాలి. రెండో తప్పు, పాతదాన్ని రద్దు చేసేసి అందులోని ఒక ఆస్తిని కొత్తదాంట్లో మర్చిపోవడం. సి షెడ్యూలు డిపాజిట్లు రాయకపోతే అవి వారసులందరికీ పోతాయి. అందుకే "పైన చెప్పనివి, ఇకముందు నాకు సంక్రమించేవి ఫలానా వారికి" అన్న ఒక్క వాక్యం చివర ఉండాలి. 2012లో అది ఉంటే ఫ్లాట్ గొడవే వచ్చేది కాదు.

చిన్న కొడుక్కి తక్కువ ఎందుకిచ్చారో కూడా కొత్తదాంట్లో ఆయన మాటల్లోనే ఉండాలి. సుప్రీం కోర్టు 1958లో వెంకటాచల అయ్యంగార్ కేసులో చెప్పింది ఇదే: సహజ వారసుల్ని కారణం లేకుండా పక్కన పెట్టినా, లాభం పొందేవాళ్లే దగ్గరుండి రాయించినా అనుమానం పుడుతుంది, దాన్ని తొలగించే బాధ్యత వీలునామా చూపించేవాళ్లదే. "వ్యాపార నిమిత్తం ఇదివరకే ఇంత ఇచ్చియుంటిని" అన్న ఒక్క వాక్యం పది మంది సాక్షులకి సమానం.

కొడిసిల్ వైపు నేను మొగ్గే సందర్భం ఒకటి ఉంది. రాసేవారికి ఎనభై దాటి, ఆరోగ్యం బాగా చెడి, పాత వీలునామా మాత్రం మంచి ఆరోగ్యంలో పకడ్బందీగా రాసింది అయినప్పుడు. అప్పుడు కొడిసిల్ మీద దావా వేసినా గొడవ ఆ ఒక్క ఆస్తి వరకే ఉంటుంది. కొత్త వీలునామా అయితే ఆస్తి మొత్తం కోర్టులో చిక్కుకుంటుంది.

పెళ్లి, విడాకుల గురించి కూడా ఒక మాట. హిందువులకి మళ్లీ పెళ్లి చేసుకున్నంత మాత్రాన పాత వీలునామా రద్దు కాదు. క్రైస్తవులకి 69వ సెక్షన్ ప్రకారం రద్దవుతుంది, వాళ్లు పెళ్లయ్యాక కొత్తది రాసుకోవాలి. విడాకులు మాత్రం ఈ చట్టంలో వీలునామాను తమంతట తాము కదిలించవు. మాజీ భార్య పేరు పాత కాగితంలో ఉంటే, మార్చేదాకా అది ఉన్నట్టే. ముస్లింల వీలునామాకు నియమాలు వేరు, ఆ లెక్క ఇక్కడికి వర్తించదు.

ఇక, కొత్తది రిజిస్టర్ అయిన రోజు సాయంత్రం చాలామంది చేసే పని పాతదాన్ని చింపేయడం. చింపకండి. కొత్తది ఏ కారణం చేతనైనా కోర్టులో నిలబడకపోతే అందులోని రద్దు వాక్యమూ నిలబడదు, అప్పుడు పాతది ఆదుకుంటుంది. రద్దు చేసే ఉద్దేశంతో మీ చేత్తో చింపేస్తే అది విడిగా రద్దయినట్టే, ఏ వీలునామా లేని స్థితి వస్తుంది. మా హెడ్మాస్టరు గారి కేసులో నేనైతే రెండింటినీ ఒకే కవర్లో పెట్టించి, పాతదాని మొదటి పేజీకి కొత్త దస్తావేజు నంబరు రాసిన చీటీ పిన్ను చేయిస్తాను. ఆ కవరు ఎక్కడుందో భార్యకీ కూతురికీ కూడా చెప్పిస్తాను.