పౌర్ణమి చూసుకుని మేడారం వెళ్లాం, అమ్మవారు అప్పటికే వనంలోకి వెళ్లిపోయింది

మొన్న 2026 ఫిబ్రవరి 1, ఆదివారం, మాఘ పౌర్ణమి. పొద్దున ఏడున్నరకు మేడారంలో కారు దిగాం. ఎదురొచ్చే జనమే ఎక్కువ, మాతో పాటు లోపలికి వెళ్లేవాళ్లు తక్కువ. అమ్మ ఎర్ర గుడ్డలో కట్టిన బెల్లం ముద్దను ఒళ్లో పట్టుకుని, "ఏందిరా, అందరూ పోతున్నరు?" అంది. తన ఎత్తు బంగారం మొక్కు, మేడారంలో బెల్లాన్నే బంగారం అంటారు. 52 కిలోలు, హనుమకొండలో కిలో 55 చొప్పున 2,860 రూపాయలు పెట్టి కొన్నాం. మిగతా బస్తా డిక్కీలో ఉంది.

సమ్మక్క ముందురోజు సాయంత్రమే వనప్రవేశం చేసింది. రెండేళ్లకోసారి జరిగే సమ్మక్క సారలమ్మ జాతర ఈసారి జనవరి 28 బుధవారం మొదలై 31 శనివారంతో ముగిసింది.

తప్పులో సగం నాది. క్యాలెండర్‌లో పౌర్ణమి ఆదివారం అని చూసి, జాతర అసలు రోజు అదే అనుకున్నాను. మిగతా సగం మా వీధి ట్రావెల్స్ అతనిది. "పౌర్ణమి దర్శనం" అని చెప్పి కారు, హనుమకొండలో లాడ్జి కలిపి 21,500 తీసుకున్నాడు. శనివారం రాత్రి ఆ లాడ్జిలో వేడినీళ్లు లేవు, దుప్పటి అడిగితే గంట పట్టింది. తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరుతుంటే కౌంటర్ దగ్గరి కుర్రాడు "ఇంకా ఇవాళ పోతున్నరా సార్?" అన్నాడు. ఆ మాట రాత్రే అనుంటే తిరిగి ఇంటికి వెళ్లేవాళ్లం. దిగేటప్పుడు గోడ మీద మామూలు రేటు 1,200 అని కనబడింది. మా గదికి 3,200 కట్టామని ట్రావెల్స్ అతను తర్వాత చెప్పాడు. మా ఆవిడ హనుమకొండ నుంచి మేడారం దాకా, వంద కిలోమీటర్లకు పైనే, నాతో ఒక్క మాట మాట్లాడలేదు.

అమ్మవార్లను నిలిపే గద్దెల దగ్గర అమ్మ బంగారం సమర్పించింది. తర్వాత కూడా జనం వస్తూనే ఉంటారు, మొక్కు ఆగదు. కానీ జాతరలో గురువారం చిలకలగుట్ట నుంచి కుంకుమ భరిణె రూపంలో సమ్మక్క వస్తుంటే పోలీసులు తుపాకులు గాల్లోకి పేల్చి స్వాగతం పలుకుతారు. అది చూడాలనే అమ్మ మూడేళ్లుగా అడుగుతోంది.

కొబ్బరికాయల దుకాణంలో ఉన్న ఒక పెద్దావిడ మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పింది. "పున్నానికి కాదు బిడ్డా, బుధవారానికి లెక్క." బుధవారం కన్నెపల్లి నుంచి సారలమ్మ, పూనుగొండ్ల నుంచి పగిడిద్దరాజు, కొండాయి నుంచి గోవిందరాజు వస్తారు. గురువారం సమ్మక్క, శుక్రవారం అందరూ గద్దెల మీద, శనివారం వనప్రవేశం. వారాలు మారవు. పౌర్ణమి ఏ వారం పడ్డా, దానికి అటూఇటుగా ఉన్న ఒక బుధవారాన్ని పట్టుకుంటారు.

ఇంటికొచ్చి పాత క్యాలెండర్లు తీశాను. 2018లో పౌర్ణమి బుధవారం, జనవరి 31. ఆ రోజే జాతర మొదలైంది. 2022లోనూ అంతే, ఫిబ్రవరి 16. 2024లో పౌర్ణమి శనివారం 24న, జాతర 21న మొదలై పౌర్ణమి నాడే ముగిసింది. 2020లో మాత్రం మాలాగే మోసపోయేవాళ్లు: పౌర్ణమి ఆదివారం 9న, జాతర 5 నుంచి 8 వరకు. అంటే పౌర్ణమి నాడు, లేదా దానికి ముందొచ్చే బుధవారం అనుకుంటే సరిపోతుంది అనిపించింది. కానీ 2012లో పౌర్ణమి మంగళవారం 7న పడితే జాతర మర్నాడు 8న మొదలైంది. అందుకే మన లెక్కను ఆఖరి మాట అనుకోకూడదు.

ఆఖరి మాట కోయ పూజారులది. వాళ్లు కూర్చుని నెలల ముందే తేదీలు ప్రకటిస్తారు, ప్రభుత్వ ఏర్పాట్లు, ఆర్టీసీ ప్రత్యేక బస్సులు దాని మీదే నడుస్తాయి. ఎవరైనా "పౌర్ణమికి" అంటే, "సమ్మక్క గద్దెకొచ్చే గురువారం ఏ తేదీ?" అని తిరిగి అడగండి. జవాబు రాకపోతే వాళ్లకు తెలియదన్నమాట. ఇంకో గుర్తు కూడా ఉంది. జాతరకు రెండు వారాల ముందు బుధవారం గుడిమెలిగె, వారం ముందు బుధవారం మండమెలిగె అనే పూజలు జరుగుతాయి. ఆ వార్త పేపర్లో రాగానే వారాలు లెక్కేసుకోవచ్చు. బేసి సంవత్సరాల్లో వచ్చేది చిన్న జాతర, అమ్మవార్లు గద్దెలకు రారు. దాన్ని పెద్దదని చెప్పి బుకింగ్ చేసేవాళ్లు కూడా ఉన్నారు, జాగ్రత్త.

ట్రావెల్స్ అతను 21,500లో నాలుగు వేలు తిరిగిచ్చాడు, అదీ మూడుసార్లు తిరిగాక.

2028లో మాఘ పౌర్ణమి ఫిబ్రవరి 10, గురువారం. బుధవారం 9న మొదలవుతుందని నా అంచనా. అమ్మ ఆ పేజీలో పెన్సిల్‌తోనే సున్నా చుట్టించింది. పూజారులు చెప్పాక పెన్నుతో దిద్దుతానంది.