కిలో లెక్క లాండ్రీ: రెండేళ్లు బట్టలు వేశాక

నిజాంపేటలో మా అపార్ట్‌మెంట్ గేటుకి ఎదురుగా ఇద్దరు అన్నదమ్ములు ఒక షట్టర్ అద్దెకు తీసుకుని లాండ్రీ పెట్టి రెండేళ్లు దాటింది. రెండు ఫ్రంట్‌లోడ్ మెషీన్లు, ఒక డ్రయ్యర్, రెండు ఇస్త్రీ బల్లలు, అంతే సరంజామా. మా ఇంట్లో ఇద్దరం ఉద్యోగాలకు పోతాం కాబట్టి షాపు తెరిచిన కొత్తలోనే బట్టలు వేయడం మొదలుపెట్టాం. పక్క వీధి హాస్టల్‌లో ఉండే మా మేనల్లుడూ అక్కడే వేస్తాడు.

ఉతుకు బాగానే ఉంటుంది. తెలుసుకోవాల్సింది రేటు సంగతి. ఉతికి మడతపెట్టి ఇస్తే కిలో 70 రూపాయలు, ఇస్త్రీతో కలిపి 100. అన్నీ కలిపి కనీసం మూడు కిలోలుండాలి. ఒకరి బట్టలు ఇంకొకరి వాటితో కలపరు కాబట్టి, రెండు చొక్కాల కోసం మెషీన్ తిప్పితే వాళ్లకి నీళ్ల ఖర్చు కూడా రాదు. ఆ షరతు నాకు సబబుగానే అనిపించింది.

కిలో లెక్కలో చొక్కాలు లాభం, జీన్స్ నష్టం. మామూలు కాటన్ చొక్కా 200 గ్రాముల పైచిలుకు ఉంటుంది, అంటే ఉతుకూ ఇస్త్రీ కలిపి 22 రూపాయల్లో అయిపోతుంది. జీన్స్ ఒక్కటే 650 గ్రాములు తూగుతుంది, ఇస్త్రీతో వేస్తే 65. అందుకే మేం రెండు సంచులు కడతాం. పది చొక్కాలు, 2.2 కిలోలు, ఇస్త్రీ సంచిలోకి. రెండు జీన్సులు, రెండు టవళ్లు, ఒక దుప్పటి కలిపి మూడు కిలోలు, మడత సంచిలోకి. బిల్లు 220, 210, మొత్తం 430. అన్నీ ఒకే సంచిలో ఇస్త్రీకి పడేస్తే 520 అయ్యేది. తడి టవల్ మాత్రం ఆరాకే వేయండి, లేకపోతే నీళ్లకి కూడా డబ్బులు కట్టినట్టే. తూకం మన ఎదురుగానే వేస్తారు, అది నాకు నచ్చింది.

మొదట్లో ఎవరి బట్టలో గుర్తుకి కాగితం ముక్కని బట్టకి స్టేప్లర్‌తో కొట్టేవాళ్లు. నీళ్లలో కాగితం నానిపోయేది, పిన్ను మిగిలేది. మా ఆవిడ షిఫాన్ చున్నీ ఒకటి అలాగే చిరిగింది. గట్టిగా అడిగాక పద్ధతి మార్చారు. ఇప్పుడు తెల్లటి గుడ్డ పట్టీ మీద చెరగని మార్కర్‌తో ఫ్లాట్ నంబరు, బట్టల లెక్క రాసి లేబుల్‌కి దారంతో ముడేస్తారు. ఆ తర్వాత మా బట్ట ఏదీ తప్పిపోలేదు.

హాస్టల్ పిల్లలది ఇంకో కథ. మూడు కిలోలు చేయడానికి ముగ్గురు కలిసి ఒకే సంచి కడతారు. ఒకసారి అందులో ఒకడి కొత్త ఎర్ర కుర్తా ఉంది. ఫార్మసీ చదివే మావాడి తెల్ల కోటు గులాబీ రంగుకి తిరిగింది. షాపులో పెద్దవాడే నాకు ఫోన్ చేశాడు. "అన్నా, కోటుకి రంగు అంటుకుంది. డ్రయ్యర్‌లో వెయ్యలేదు, తడిగానే పెట్టాను. రేపటిదాకా టైమియ్యి" అన్నాడు. ఆ తడిగా ఉంచడమే కోటుని కాపాడింది. వేడి తగిలితే అంటుకున్న రంగు పట్టేస్తుంది, ఇస్త్రీ పెట్టె పెడితే ఇక వదలడం కష్టం. గోరువెచ్చని నీళ్లలో ఆక్సిజన్ బ్లీచ్ కలిపి రాత్రంతా నానబెట్టాడు. కాటన్ కోటు కాబట్టి సరిపోయింది, ఉన్నికీ పట్టుకీ ఆ మందు పనికిరాదు. పొద్దునకి తెల్లబడింది గానీ, కాలర్ కుట్టు లోపల సన్నటి గులాబీ గీత ఇప్పటికీ కనిపిస్తుంది. ఉతుకు డబ్బులు తీసుకోలేదు. అప్పటి నుంచి ముగ్గురికీ మూడు నెట్ సంచులు ఇచ్చి తూకం మాత్రం కలిపి వేస్తున్నాడు. తెల్లవి వేరే విడతలో తిప్పుతాడు, కొత్త రంగు బట్టయితే ముందు తడి తెల్లగుడ్డతో రుద్ది చూస్తాడు.

వానాకాలంలో మాత్రం ఈ షాపుతో విసుగే. ఉన్నది ఒక్క డ్రయ్యర్, మేడ మీద తీగలు పనికిరావు. మర్నాడు ఇస్తామన్నది మూడో రోజుకి వస్తుంది. తొందరపెడితే ఇంకా నష్టం: జీన్స్ నడుము పట్టీ, జేబుల లోపలి గుడ్డ చెమ్మగా ఉండగానే మడతపెట్టి కవర్లో కడతారు, అల్మరా తెరిస్తే తడి వాసన. కవర్ అక్కడే విప్పి జేబులో చెయ్యి పెట్టి చూస్తే తెలిసిపోతుంది. చల్లగా తగిలితే నేను తిరిగి ఇచ్చేస్తాను, వాళ్లూ ఏమీ అనుకోరు.

ఇస్త్రీలో చిన్నవాడి చెయ్యి మంచిది. ముదురు రంగు పాలిస్టర్ ప్యాంట్లని తిరగేసి చేస్తాడు, మెరుపు తేలదు. కాటన్ చీరలకి గంజి అడిగితే పెడతాడు గానీ మడతమడతకీ తేడా ఉంటుంది. పట్టుచీరలు మాత్రం తాము తీసుకోబోమని వాళ్లే చెప్పేశారు. అవి పాత రోల్ ప్రెస్ అతనికే ఇస్తున్నాం.