వెబినార్ స్పైక్‌లు చూసి షార్ట్‌లు కట్ చేయడం: ఏడాదిన్నర వాడాక

ఒక ఆడిటర్ గారి వెబినార్లు ఎడిట్ చేస్తుంటాను. నెలకు రెండు, ఒక్కోటి గంటంపావు. వాటిలోంచి నిలువు షార్ట్‌లకు ముక్కలు ఏరడానికి నేను చూసేవి రెండే, యూట్యూబ్ స్టూడియోలో ఏ క్షణాన్ని ఎంతమంది చూశారో చూపే రిటెన్షన్ గ్రాఫ్, లైవ్ రోజు సేవ్ చేసుకున్న చాట్ ఫైల్. పద్ధతి పనికొస్తుంది, కానీ స్పైక్ కనబడిన చోటల్లా కత్తెర వేస్తే మాత్రం దెబ్బతింటారు. మొదటి మూడు నెలలు నేను చేసిందదే.

గ్రాఫ్ ఒకచోట పైకి లేచిందంటే జనం వెనక్కి వెళ్లి మళ్లీ చూశారనో, నేరుగా అక్కడికే వచ్చారనో అర్థం. నచ్చి చూశారా, అర్థంకాక చూశారా అన్నది మనమే వీడియో తెరిచి తేల్చుకోవాలి. ఒకసారి అన్నిటికంటే పెద్ద స్పైక్ చిన్న అక్షరాల పట్టిక ఉన్న స్లైడ్ దగ్గర వచ్చింది. కనబడక వెనక్కి లాగి లాగి చదువుకున్నారన్నమాట. దాన్నే నిలువు ఫ్రేములో ఇరికిస్తే అక్షరాలు చీమల్లా అయ్యాయి, షార్ట్ పోయింది. చాట్‌లో ఇంకో మోసం ఉంది. "వినిపిస్తోందా అండీ?" అనగానే అందరూ ఎస్ ఎస్ అని కొడతారు, పీడీఎఫ్ లింక్ అడిగేటప్పుడూ అంతే. వాటిని ముందే కొట్టేస్తాను.

ఐటీ రిటర్నుల వెబినార్‌లో జరిగింది చెబుతాను. మామూలుగా నిమిషానికి నాలుగైదు మెసేజ్‌లు వచ్చేవి, 7:47కి 31 వచ్చాయి. నా చాట్ ఫైల్లో ఉండేది గడియారం టైం, రికార్డింగ్ మొదలైంది 7:04కి, కాబట్టి అది 43వ నిమిషం. తీరా అక్కడ చూస్తే సార్ మంచినీళ్లు తాగుతున్నారు! లైవ్ ఆలస్యంగా చేరుతుంది, పైగా జనం విని, ఆలోచించి, టైప్ చేయాలి కదా. దాదాపు నిమిషం వెనక్కి వెళితే అసలు సంగతి దొరికింది. ఒకాయన పన్ను కోతలు చూపే ఫారం గురించి "26ఏఎస్‌లో సేవింగ్స్ వడ్డీ లేదు సార్, చూపించాలా?" అని అడిగారు. దానిమీద టీడీఎస్ కోయరు కాబట్టి అందులో కనబడదు, కానీ ఆదాయ వివరాలు చూపే ఏఐఎస్ స్టేట్‌మెంట్‌లో ఉంటుంది, చూపించాల్సిందే అన్నారు సార్.

మొదట నేను జవాబు నుంచే కట్ చేశాను. స్టూడియోలో చూస్తే సగానికి పైగా స్వైప్ చేసి వెళ్లిపోయారు. తర్వాత ఆ ప్రశ్ననే పెద్ద అక్షరాలతో మొదట్లో పెట్టి, స్లైడ్ తీసేసి సార్ ముఖం మాత్రం ఉంచి, 48 సెకన్లలో మళ్లీ వేస్తే నిలబడి చూసినవాళ్లు బాగా పెరిగారు. అప్పటినుంచి స్పైక్‌ని ఆనవాలుగానే తీసుకుంటున్నాను, కట్ మాత్రం దానికి ముందున్న ప్రశ్న దగ్గరే మొదలుపెడతాను.

చూసేవాళ్లు తక్కువైతే ఈ గ్రాఫ్ నమ్మలేం, ఇద్దరు ముగ్గురు నాలుగుసార్లు వెనక్కి లాగినా కొండలా లేస్తుంది. పోయినసారి 38 మందే వచ్చారు, నేను గ్రాఫ్ తెరవనే లేదు, చాట్‌లో వచ్చిన ప్రశ్నలు వరసగా చదువుకుని మూడు ముక్కలు తీశాను.