రోల్‌బ్యాక్ అంతా ఒక్కరి నెత్తినే: కొనేముందు ఇది చూసుకోండి

ఫైటింగ్ గేమ్ స్టోర్ పేజీలో "రోల్‌బ్యాక్ నెట్‌కోడ్" అని కనిపించగానే కొనేయకండి. నన్ను ముంచిన గేమ్ పేరు రాయను. రోల్‌బ్యాక్ అంతా ఒక్కరి మీదే పడే ఈ జబ్బు దానికొక్కదానికే లేదు.

నేను హైదరాబాద్‌లో, మా బావ సింగపూర్‌లో. పోను రాను కలిపి పింగ్ 100 మిల్లీసెకన్లు. అంటే నేను నొక్కిన బటన్ తన దగ్గరికి చేరడానికి 50 పడుతుంది, సెకనుకు 60 ఫ్రేముల లెక్కన 3 ఫ్రేములు. రోల్‌బ్యాక్ ఉన్న గేమ్ దానికోసం ఆగదు. అవతలివాడు ఇందాక నొక్కిందే ఇంకా నొక్కుతున్నాడనుకుని ముందుకెళ్తుంది. అసలు ఇన్‌పుట్ వచ్చాక ఊహ తప్పని తేలితే, దాచుకున్న పాత ఫ్రేముకు వెళ్లి, అక్కణ్నుంచి ఇప్పటిదాకా మళ్లీ లెక్కకట్టి చూపిస్తుంది. 3 ఫ్రేములైతే కంటికి పెద్దగా ఆనదు.

రెండు మెషిన్లూ ఒకే ఫ్రేములో నడుస్తుంటేనే ఈ లెక్క. బావ పాత ల్యాప్‌టాప్ ఎఫెక్టులు ఎక్కువైనప్పుడల్లా తడబడి వెనకబడుతుంది. నా పీసీ 103వ ఫ్రేములో ఉంటే తనది 100లో ఉందనుకోండి. నేను 103లో నొక్కింది చేరేసరికి తనూ 103కే వస్తాడు, రోల్‌బ్యాక్ సున్నా. తను 100లో నొక్కింది నాకు అందేసరికి నేను 106లో ఉంటాను, 6 ఫ్రేములు వెనక్కి. మంచి మెషిన్ కొన్నవాడికే శిక్ష!

అప్పుడు 4 ఫ్రేముల్లో తగిలే జాబ్ అనే చిన్న గుద్దు మొదలవడం నాకు కనిపించనే కనిపించదు. కూర్చుని ఆపలేని 22 ఫ్రేముల ఓవర్‌హెడ్ దెబ్బలో 16 మిగులుతాయి, చూసి నిలబడి బ్లాక్ చేయడం గగనం. బావేమో "నాకు బ్రహ్మాండంగా ఉందిరా, నీ నెట్ చూసుకో" అంటాడు. సపోర్ట్‌వాళ్లు ల్యాన్ కేబుల్ పెట్టుకోమన్నారు. ఉన్నదే కేబుల్ మీద.

సరిగ్గా రాసిన నెట్‌కోడ్ ముందున్న మెషిన్‌ను అక్కడక్కడ ఒక్కో ఫ్రేము ఆపి, వెనకున్నదాన్ని కలుపుకుంటుంది. టోనీ కానన్ రాసిన రోల్‌బ్యాక్ లైబ్రరీ జీజీపీఓలో ఈ ఏర్పాటు ఉంది, దాని కోడ్ కూడా 2019 నుంచి అందరికీ ఉచితం. అయినా ఈ గేమ్ చేసినవాళ్లకు పట్టలేదు.

పింగ్ చూసి మోసపోకండి, అది ఇద్దరికీ ఒకటే చూపిస్తుంది. నెట్‌వర్క్ వివరాలు తెరమీద పెట్టుకుని, ఫోన్‌లో మాట్లాడుకుంటూ ఇద్దరి రోల్‌బ్యాక్ ఫ్రేములు పోల్చండి. మొదటి రౌండ్‌లో కాదు, చివరి రౌండ్‌లో. ఒకరికి 0, ఇంకొకరికి 6 వస్తుంటే వెంటనే రీఫండ్ అడగండి. స్టీమ్‌లో కొన్న 14 రోజుల్లోపు, ఆట 2 గంటలు దాటకముందే అడగాలి. ట్రైనింగ్ మోడ్‌లో గడిపిన సమయం కూడా అందులోకే వస్తుంది, కాబట్టి ముందు ఆన్‌లైన్‌లో ఆడి చూడండి.

గడువు దాటినవాళ్లకు: నొక్కిన బటన్‌ను కావాలనే కొన్ని ఫ్రేములు ఆలస్యంగా అమలుచేసే ఇన్‌పుట్ డిలే ఎవరిది వారు పెట్టుకునే గేమ్ అయితే, మీది పెంచుకుని లాభం లేదు. దానివల్ల తగ్గేది అవతలివాడి రోల్‌బ్యాక్, అదెలాగూ సున్నా. డిలే 3 పెంచాల్సిందీ, గ్రాఫిక్స్ తగ్గించాల్సిందీ అవతలివాడే. బావను ఒప్పించడానికి నాకు ఇప్పటికీ కుదరలేదు.